“నువ్వు” అన్నది యాసా, అవమానమా? మా నాన్నగారి విషయంలో మీ అభిప్రాయాలు కావాలి

కృష్ణాతీరం
మా నాన్నగారి వయసు 71. తెనాలి దగ్గర ఒక పల్లెలో ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత హైదరాబాదులో నా దగ్గర ఉంటున్నారు. గత సోమవారం పింఛను కాగితాల పని మీద ఒక ప్రభుత్వ కార్యాలయానికి ఒక్కరే వెళ్లారు. మధ్యాహ్నం తిరిగివచ్చి, కంచం ముందు కూర్చుని కూడా ముద్ద నోట పెట్టలేదు. గుచ్చి గుచ్చి అడిగితే, “ముప్పై ఏళ్లు కూడా నిండనివాడు, నన్ను నువ్వు అన్నాడురా” అన్నారు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

ఆ గుమాస్తా మీద ఫిర్యాదు రాయాలని నేను అనుకుంటున్నాను. అయితే నా భార్య పుట్టిల్లు వరంగల్ జిల్లా. తమ వైపు తాతను, తండ్రిని, ఊరి పెద్దను కూడా “నువ్వు” అనే పిలుస్తారని, అందులో అగౌరవం ఏమీ లేదని, ఒక మనిషి యాసను పట్టుకుని అతని ఉద్యోగానికి ఎసరు పెట్టడం న్యాయం కాదని ఆమె అంటోంది. ఆమె మాటలో నిజం ఉందని నాకు తెలుసు. నాన్నగారు అన్నం తినలేదన్నదీ నిజమే. ఏది యాస, ఏది అవమానం అన్నది ఎలా తేల్చుకోవాలో తెలిసినవారు చెప్పండి.

విశాఖ_కెరటం
ఇందులో తేల్చుకోవలసినది ఏమీ లేదు. డెబ్బై ఏళ్ల మనిషిని ఏకవచనంలో సంబోధించడం ఏ ప్రాంతంలోనైనా అవమానమే. ప్రభుత్వ ఉద్యోగికి ఇంటి భాష వేరు, కార్యాలయ భాష వేరు. రేపే ఫిర్యాదు ఇవ్వండి.

ఓరుగల్లు_బిడ్డ
పై సభ్యులు “ఏ ప్రాంతంలోనైనా” అన్నారు కనుక చెబుతున్నాను. మా తాతకు నేనంటే ప్రాణం. ఆయన పోయేదాకా నేను ఆయనను “తాతా, నువ్వు తిన్నవా?” అనే అడిగాను. ఒకవేళ “మీరు తిన్నారా?” అని ఉంటే, నాకు కోపం వచ్చిందేమోనని ఆయన కంగారుపడేవారు. మా వైపు పల్లెల్లో ఒక మనిషిని పట్టుకుని “మీరు” అనే అలవాటే లేదు. మీరు అంటే పదిమంది అని అర్థం. కోస్తా నుంచి వచ్చినవారు మా మాట విని మేము మర్యాద తెలియనివాళ్లమని తీర్పు చెప్పడం నేను హాస్టల్లో ఉన్న నాలుగేళ్లూ భరించాను. మీ భార్య చెప్పినది అక్షరాలా నిజం.

సీమ_గాలి
కర్నూలు జిల్లాలోనూ ఇంచుమించు ఇదే పద్ధతి. “ఏం సామీ, ఎప్పుడొచ్చినావు?” అని అడిగితే అందులో ఆప్యాయతే ఉంటుంది. ఆ “సామీ” తీసేసి వట్టి “ఎప్పుడొచ్చినావు?” అంటే మాత్రం ఎదుటి మనిషి ముఖం మారుతుంది.

గుడివాడ_కోడలు
మంచి చర్చ మొదలుపెట్టారు. మా ఇంట్లో కూడా ఇదే సమస్య ఉంది. పెళ్లయి పద్దెనిమిది సంవత్సరాలు అవుతోంది. నేను మావారిని “మీరు” అంటాను, ఆయన నన్ను “నువ్వు” అంటారు. ఇద్దరం ఒకే బ్యాంకులో ఒకే హోదాలో పనిచేస్తున్నాము. కార్యాలయంలో ఆయన నాకంటే చిన్నవారైన మహిళా ఉద్యోగులను కూడా “మీరు” అంటారు. సాయంత్రం ఇంటికి రాగానే నేను “నువ్వు” అవుతాను. మా అమ్మాయికి పదహారేళ్లు. “అమ్మా, ఆయన కూడా నిన్ను మీరు అనాలి, లేదా నువ్వు కూడా ఆయనను నువ్వు అనాలి” అని వాదిస్తోంది. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

విశాఖ_కెరటం
అమ్మా, ఆయన అడిగినది కార్యాలయంలో పరాయి మనిషి చేసిన సంబోధన గురించి. భార్యాభర్తల సంగతి వేరు.

గుడివాడ_కోడలు
వేరని మీరు అంటున్నారు. నాకు మాత్రం అంత వేరుగా తోచడం లేదు. ఒకరు పైన, ఒకరు కింద అన్న సంగతిని ప్రతి వాక్యం చివరా చెబుతూనే ఉండటం రెండుచోట్లా ఉంది.

పాతపలక
నేను నలభై ఏళ్లు తెలుగు బోధించినవాడిని. కృష్ణాతీరం గారూ, మీరు మాకు ఇచ్చినది ఒక్క మాట మాత్రమే. ఒక్క “నువ్వు”ను పట్టుకుని ఎవరూ తీర్పు చెప్పలేరు. తెలుగులో మర్యాద ఒకేచోట కూర్చోదు. అది సర్వనామంలో ఉండవచ్చు, క్రియ చివర ఉండవచ్చు, “అండి”లో ఉండవచ్చు, పేరు తరువాత వచ్చే “గారు”లో ఉండవచ్చు, అన్నా, పెద్దాయనా, అమ్మా అన్న పిలుపులో ఉండవచ్చు. సీమ_గాలి గారు చెప్పిన “సామీ” సరిగ్గా ఇదే. గుంటూరు మనిషి దానిని ఎక్కువగా క్రియ చివర పెడతాడు. ఓరుగల్లు మనిషి ఎక్కువగా పిలుపులో పెడతాడు. ఒకచోట పెట్టిన మర్యాదను మరొకచోట వెతికితే కనిపించదు.

కాబట్టి దయచేసి నాన్నగారిని నెమ్మదిగా అడిగి, ఆ గుమాస్తా అన్న మాటలను అన్న వరుసలోనే రాయండి. ఆయనతో అన్నవే కాదు, ఆయన ముందు, వెనుక నిలబడినవారితో అన్నవి కూడా కావాలి.

డల్లాస్_అమ్మ
పాతపలక గారు చెప్పినది చదువుతుంటే మా అబ్బాయి గుర్తొచ్చాడు. వాడికి తొమ్మిదేళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతాము కనుక తెలుగు బాగానే వచ్చు. కిందటేడు విజయవాడ వెళ్లినప్పుడు మా పెదనాన్నగారు గడపలో అడుగుపెట్టగానే ఎదురు పరుగెత్తి, “నువ్వు ఎవరు? లోపలికి రా, కూర్చో” అన్నాడు. ఇంటిల్లిపాదీ ఒక్క క్షణం కొయ్యబారిపోయాము. తరువాత ఆలోచిస్తే కారణం తెలిసింది. వాడు పుట్టినప్పటి నుంచి మేము వాడితో అన్నవన్నీ “రా, కూర్చో, తిను, చెప్పు” అన్నవే. వాడి ముందు మేము “రండి” అనవలసిన పెద్దవారు మా ఊళ్లో లేరు. పిల్లవాడు విన్నదే నేర్చాడు. పెదనాన్నగారు మాత్రం వాడిని ఎత్తుకుని, “నన్ను ఇంత ప్రేమగా పిలిచి పదేళ్లయింది” అన్నారు.

కృష్ణాతీరం
పాతపలక గారి సలహా ప్రకారం నిన్న రాత్రి నాన్నగారితో చాలాసేపు కూర్చున్నాను. ఆయన ఉపాధ్యాయులు కావడం వల్లనేమో, మాటలు అచ్చంగా గుర్తున్నాయి. వరుసగా రాస్తున్నాను.

నాన్నగారి వంతు రాగానే గుమాస్తా కాగితాలు చూసి, “పెద్దాయనా, నీది ఇంక కాలే. గురువారం రా” అన్నాడు. నాన్నగారు కదలక, తాను ఇదే పనికి రావడం మూడోసారి అని, ఏ కాగితం తక్కువైందో చెబితే తెచ్చుకుంటానని అన్నారు. గుమాస్తా తలెత్తకుండా, “సిస్టంలో రావాలె, నేనేం చేస్తా పెద్దాయనా” అన్నాడు. అప్పుడు నాన్నగారు, “పోయినసారి కూడా ఇదే మాట చెప్పారు, కాస్త పై అధికారిని కలవవచ్చునా?” అని అడిగారు. దానితో అతను తలెత్తి, “ఎన్నిసార్లు చెప్పాలె నీకు? సమజైతలేదా? పో, పోయి ఆడ నిలబడు” అన్నాడు. ఆ వెంటనే, నాన్నగారి వెనుక ఉన్న ఇస్త్రీ చొక్కా ఆయన వైపు తిరిగి, “సార్, మీరు రాండ్రి, కూసోండ్రి” అన్నాడట.

ఒక సంగతి నాకే కొత్తగా తెలిసింది. మొదటి “నువ్వు” మిమ్మల్ని బాధించిందా అని అడిగితే, “లేదురా, పెద్దాయనా అన్నాడుగా, వాళ్ల మాట అంతే అనుకున్నాను” అన్నారు.

పాతపలక
ఇప్పుడు విషయం స్పష్టమైంది. వరుసలోనే సమాధానం ఉంది.

మొదటి రెండు మాటల్లో క్రియ ఏకవచనమే అయినా “పెద్దాయనా” అన్న పిలుపు ఉంది. ఆ పిలుపు మోయవలసిన బరువు మోసింది. తెనాలి మనిషి అయిన మీ నాన్నగారు కూడా దానిని అలాగే గ్రహించారు. మూడో మాటలో పిలుపు పోయింది. “నువ్వు” అక్కడే ఉంది, కానీ దానికి అండగా ఉన్నది తీసివేయబడింది. పైగా “రా” స్థానంలో “పో” వచ్చింది. తెలుగువాళ్లము బయలుదేరేటప్పుడు కూడా “వెళ్లొస్తాను” అంటామే తప్ప “పోతాను” అనడానికి జంకుతాము. గుమ్మం దగ్గర నిలబడిన ముసలాయనతో వట్టి “పో” అనడం ఏ జిల్లా యాసలోనూ మర్యాద కాదు.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం నాలుగో మాట. అదే నోటితో, అరనిమిషం తేడాలో, “మీరు రాండ్రి, కూసోండ్రి” అన్నాడు. అంటే ఆ గుమాస్తా యాసలో గౌరవ బహువచనం ఉంది. దానిని ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వనక్కరలేదో అతనికి తెలుసు. సంబోధన అవమానమా కాదా అని తేల్చాలంటే నేను ఎప్పుడూ ఈ రెండే చూస్తాను: మాట మధ్యలో మారిందా? పక్కవాడికి వేరుగా దక్కిందా? మొదటి నుంచి చివరిదాకా అందరినీ “నువ్వు” అనే మనిషి మీద నాకు ఎప్పుడూ కోపం రాదు.

ఓరుగల్లు_బిడ్డ
నేను ముందు రాసినదానిలో ఒక మాట దిద్దుకోవాలి. మా వైపు ఒక మనిషిని “మీరు” అనే అలవాటే లేదని రాశాను. అది సరి కాదు. ఊరికి డాక్టరు వచ్చినా, వియ్యంకులు వచ్చినా మా అమ్మమ్మ “రాండ్రి, కూసోండ్రి, నీళ్లు తాగుండ్రి” అనేది. “రాండ్రి” మా మాటే. మేము దానిని కొత్తవారికి, దూరపువారికి, పెత్తనం ఉన్నవారికి వాడతాము, సొంతవారికి వాడము. ఆ గుమాస్తా మొదట పెద్దాయనను సొంతమనిషిని చేసుకున్నాడు. పై అధికారి పేరెత్తగానే సొంతమూ కాకుండా, గౌరవనీయుడూ కాకుండా చేశాడు. మా మాటకు చెడ్డపేరు తెచ్చేది ఇలాంటివారే. ఫిర్యాదు రాయండి. కానీ అందులో “నువ్వు అన్నాడు” అని మాత్రం రాయకండి. రేపు అది మా అందరి మీదా పడుతుంది.

విశాఖ_కెరటం
పాతపలక గారి వివరణ బాగుంది కానీ, నేను నా మాట వదులుకోవడం లేదు. పింఛనుదారులు పదమూడు రకాల ఊళ్ల నుంచి వస్తారు. కౌంటర్ దగ్గర కూర్చున్నవాడు ప్రతివారి ఊరూ కనుక్కుని మాట్లాడలేడు కనుక అందరినీ “మీరు” అనడమే క్షేమం. “మీరు” అన్నందుకు ఎవరూ అన్నం మానరు.

ఓరుగల్లు_బిడ్డ
మా తాత కంగారుపడేవారని పైన రాశాను, గమనించండి. అయినా కౌంటర్ దగ్గర మీరు చెప్పినదే మేలని ఒప్పుకుంటాను.

సీమ_గాలి
“మీరు”తో కూడా అవమానించవచ్చు. మా ఇంట్లో పొలం పంపకాల గొడవ వచ్చినప్పుడు, చిన్ననాటి నుంచి “ఏప్పా, రాప్పా” అని పిలిచిన మా చిన్నాన్న కొడుకు ఒకరోజు ఉన్నట్టుండి “మీరు ఏమంటారో చెప్పండి” అన్నాడు. ఆ “మీరు” విన్న క్షణంలోనే వీడితో నాకు ఇక సంబంధం లేదని అర్థమైంది. ఆ మాట మీద పాతపలక గారు చెప్పిన పరీక్ష పెడితే అది కూడా నిలుస్తుంది. మాట మారింది.

పాతపలక
సీమ_గాలి గారి ఉదాహరణ నా దగ్గర ఉన్నవాటి కంటే గట్టిది. మర్యాద పెరిగినా తరిగినా, కొట్టేది మార్పే.

ఈ సందర్భంలో మహాభారతం కర్ణపర్వంలోని ఘట్టం గుర్తుచేయకుండా ఉండలేను. పదిహేడో రోజు యుద్ధంలో కర్ణుడి చేతిలో దెబ్బతిని శిబిరానికి చేరిన ధర్మరాజు, కర్ణుణ్ణి ఇంకా చంపలేదన్న ఉక్రోషంతో, గాండీవాన్ని మరొకరికి ఇచ్చివేయమని అర్జునుణ్ణి నిందిస్తాడు. ఆ మాట అన్నవాడిని చంపుతానని అర్జునుడికి ముందే ప్రతిజ్ఞ ఉంది. కత్తి దూస్తాడు. అన్నను చంపకూడదు, ప్రతిజ్ఞ తప్పకూడదు. అప్పుడు కృష్ణుడు చూపిన దారి ఏమిటంటే, “భవాన్” అని గౌరవంగా పిలవవలసిన పెద్దవాడిని “త్వం” అని, అంటే “నువ్వు” అని పిలువు, పెద్దవాడికి అది చంపకుండానే చావు అని. అర్జునుడు ఆ ఏకవచనంతోనే అన్నను తూలనాడతాడు, తరువాత తాను చేసినదానికి కుమిలిపోయి తననే పొడుచుకోబోతాడు. ఒక సర్వనామం కత్తికి బదులుగా నిలిచిన కథ ఇది.

అదే సంస్కృతంలో, అదే సంప్రదాయంలో, దేవుడిని మాత్రం ఏనాడూ “త్వం” అనడానికి ఎవరూ జంకలేదు. మన అన్నమయ్య, త్యాగయ్య కూడా స్వామిని “నీవు” అనే పిలిచారు. ఈ రోజుకీ గుడిలో నిలబడి “స్వామీ, మీరు నన్ను కాపాడండి” అని మొక్కేవాళ్లు అరుదు. ఏకవచనం అతి దగ్గరివారికీ చెల్లుతుంది, అతి తక్కువగా చూసేవారికీ చెల్లుతుంది.

పోలయ్య_కొడుకు
పాతపలక గారి మీద గౌరవంతోనే ఒకటి చెప్పాలి. మీరు చెప్పిన రెండు పరీక్షలూ, మాట మారిందా, పక్కవాడికి వేరుగా దక్కిందా అన్నవి, ఒకనాడైనా “మీరు” అనిపించుకున్నవారికే పనికొస్తాయి. మా నాన్న విషయంలో మాట ఎన్నడూ మారలేదు. పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఒకటే మాట.

మాది గోదావరి జిల్లాలో ఒక ఊరు. మేము దళితులము. మా నాన్న ఒక ఆసామి దగ్గర పాలేరు. పేరు పోలయ్య. ఆసామి ఇంట్లో పదేళ్ల పిల్లవాడు నాన్నను “ఒరే పోలిగా, సైకిలు తుడు” అనేవాడు. నాన్నకు అప్పటికి యాభై దాటాయి. నాన్న వాడిని “చిన్నబాబుగారూ, తుడిచేశానండి” అనేవాడు. “మర్యాదకు పుట్టిల్లు మా గోదావరి” అని, ప్రతి మాటకూ “అండి” ఉంటుందని మా జిల్లావాళ్లు చెప్పుకుంటారు. నిజమే, ఉంటుంది. అది ఎటువైపు ప్రవహించేదో నేను చూశాను.

నాన్న పోయాక, లెక్క తేల్చుకోవడానికి ఆసామి ఇంటికి వెళ్తే, కూలీల పుస్తకం తెరిచి చూపించారు. పైన ఎడ్లకు కొన్న తవుడు, చిట్టు లెక్క. దాని కింద వరుసగా “పోలిగాడు, సుబ్బిగాడు, నూకి”. ఒక్క పేరుకూ “అయ్య” లేదు, “అమ్మ” లేదు. పేరు చివరి “అయ్య”ను కోసి “గాడు” అతికించారు. నూకమ్మను నూకి చేశారు. ఆధార్ కార్డులో మాత్రం “పోలయ్య” అని ఉంది. ఆ కార్డు నేను దాచుకున్నాను. ఈ వేదికలో నా పేరు అందుకే అలా పెట్టుకున్నాను.

కృష్ణాతీరం గారూ, మీ నాన్నగారికి జరిగినది తప్పే, ఫిర్యాదు చేయండి. కానీ ఆయనకు ఒక పూట అన్నం సహించలేదు. మా ఇంట్లో ఆ మాట తిని, ఆ పైనే అన్నం తినేవాళ్లం.

గుడివాడ_కోడలు
మీ చివరి వాక్యం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

పాతపలక
పోలయ్య_కొడుకు గారూ, మీరు చెప్పినది నా పరీక్షలోని లోపం. ఒప్పుకుంటున్నాను. ఆ ఊళ్లో నిలువునా చూస్తే మార్పు కనిపించదు. ఆసామిని ఎలా పిలుస్తున్నారో, పాలేరును ఎలా పిలుస్తున్నారో పక్కపక్కన పెట్టి చూడాలి. పెద్దవాడిని “త్వం” అన్నవాడు స్నానం చేసి, ఆ పగలు మిగిలినంతసేపూ ఉపవాసం ఉండి, నమస్కరించి ప్రసన్నం చేసుకోవాలని మనుస్మృతి పదకొండో అధ్యాయంలో ప్రాయశ్చిత్తం ఉంది. పైవాడిని కిందివాడు అంటేనే ఆ ప్రాయశ్చిత్తం. మీ నాన్నగారిని అన్నవాడికి ఏ ప్రాయశ్చిత్తమూ ఎవరూ రాయలేదు.

నీలికలువ
క్రియ చివర మర్యాద గురించి ఇంత చర్చ జరిగింది కనుక, ఆడవారి సంగతి కూడా రాయాలి. నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యురాలిని. తెలుగులో మగవాడి మర్యాద తీసేస్తే “వచ్చారు” అన్నది “వచ్చాడు” అవుతుంది; అప్పటికీ అతను మనిషే. నా మర్యాద తీసేస్తే “వచ్చారు” అన్నది “వచ్చింది” అవుతుంది. ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, డాక్టరమ్మ వచ్చింది. ఆడదానికి, గొడ్డుకు, వస్తువుకు ఏకవచనంలో ఒకటే క్రియ. బహువచనం ఇస్తేనే వ్యాకరణంలో నేను మనుషుల వైపుకు చేరతాను.

మా కేంద్రంలో నాతోపాటు నాకంటే చిన్నవాడైన మగ వైద్యుడు ఉన్నాడు. సిబ్బంది ఒకే వాక్యంలో “సార్ వచ్చారు, మేడం కూడా వచ్చింది” అంటారు. వారిలో ఎవరికీ నా మీద ద్వేషం లేదు. అయినా పాతపలక గారి రెండో పరీక్ష ప్రకారం చూస్తే, పక్కవాడికి వేరుగా దక్కింది.

ఓరుగల్లు_బిడ్డ
నీలికలువ గారూ, “మా అమ్మ వచ్చింది” అని అందరం అంటాము. అమ్మను బస్సుతో సమానం చేస్తున్నామని ఎవరూ అనుకోరు. వ్యాకరణంలో ఉన్నదంతా మనసులో ఉందని అనలేము కదా?

నీలికలువ
“మా నాన్న వచ్చాడు” అని కూడా అనే ఇంట్లో “మా అమ్మ వచ్చింది” అంటే నాకు అభ్యంతరం లేదు. “నాన్నగారు వచ్చారు, అమ్మ వచ్చింది” అనే ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కవేయండి.

విశాఖ_కెరటం
అసలు విషయానికి వద్దాము. ఏకవచనంతో పిలవడం చట్టప్రకారం నేరమని విన్నాను. కేరళ హైకోర్టు తీర్పు కూడా ఉంది. కృష్ణాతీరం గారు ఏకంగా పోలీసు కేసు పెట్టవచ్చు. పోలయ్య_కొడుకు గారి నాన్నగారి వంటివారికైతే అట్రాసిటీ చట్టం ఉండనే ఉంది.

నల్లకోటు
సగం సరి, సగం కాదు. వకీలుగా చెబుతున్నాను.

కేరళ హైకోర్టు 2021 సెప్టెంబరులో చెప్పినది పోలీసుల గురించి. త్రిశ్శూర్ జిల్లాకు చెందిన ఒక వ్యాపారి, పోలీసు తనతో అమర్యాదగా మాట్లాడాడని పిటిషన్ వేస్తే, పౌరులను “ఎడా, ఎడీ, నీ” అని పిలవడం తగదని, గౌరవంగా సంబోధించాలని ఆదేశాలు ఇవ్వమని కోర్టు రాష్ట్ర పోలీసు అధిపతికి చెప్పింది. ఆ మేరకు అక్కడ సర్క్యులర్ వెలువడింది. అంతేకాని “నువ్వు” అన్నవాడిని జైలుకు పంపమని అది చెప్పలేదు, అది మన రాష్ట్రాల గుమాస్తాలకు వర్తించదు.

నేరం సంగతి చూస్తే, భారతీయ న్యాయ సంహిత 352వ సెక్షన్ కావాలని చేసిన అవమానం గురించి మాట్లాడుతుంది. కానీ అవతలివాడు రెచ్చిపోయి శాంతిభంగం చేయాలన్న ఉద్దేశంతో, లేదా చేస్తాడని తెలిసి అవమానించినట్టు చూపాలి. కౌంటర్ దగ్గర “పో” అన్న మాటతో అక్కడిదాకా వెళ్లలేరు. అట్రాసిటీ చట్టంలో 3(1)(ఆర్) కింద, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారిని వేరేవారు పదిమందికి కనబడేచోట, కించపరచాలన్న ఉద్దేశంతో అవమానిస్తే నేరం. ఆ అవమానం బాధితుడి కులం కారణంగానే జరిగి ఉండాలని, నాలుగు గోడల మధ్య ఎవరూ లేనప్పుడు అన్నది ఈ సెక్షన్ కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. “ఒరే” అన్న ఒక్క మాటతో కేసు నిలబెట్టడం చాలా కష్టం. ఎవరు, ఎక్కడ, ఎవరి ముందు, ఇంకేమి అన్నారన్నది అంతా కావాలి.

కృష్ణాతీరం గారికి సరైన దారి శాఖాపరమైన ఫిర్యాదు. దానిలో విశేషణాలు వద్దు. “అగౌరవంగా మాట్లాడాడు” అని రాస్తే, “లేదు, మామూలుగానే మాట్లాడాను” అని జవాబు వస్తుంది, ఫైలు మూతపడుతుంది. తేదీ, సమయం, కౌంటర్ నంబరు, అతను అన్న మాటలు యథాతథంగా కొటేషన్లలో, ఆ వెంటనే పక్కవారితో అన్న మాటలు కూడా కొటేషన్లలో రాయండి. మూడుసార్లు తిప్పారన్న సంగతి ముందు పెట్టండి. కార్యాలయం చర్య తీసుకునేది ఎక్కువగా దాని మీదే.

పోలయ్య_కొడుకు
నల్లకోటు గారు చెప్పినది మా అనుభవం కూడా. కేసు పెట్టాలంటే సాక్షి కావాలి. ఆ పొలంలో ఉన్న సాక్షులందరూ అదే పుస్తకంలో నాన్న పేరు కింద ఉన్నవారు.

కృష్ణాతీరం
అందరికీ కృతజ్ఞతలు. నల్లకోటు గారు చెప్పినట్టే రాశాను. ఒకటిన్నర పేజీ వచ్చింది. “నువ్వు అని సంబోధించాడు” అన్న వాక్యం ముందు రాసి, ఓరుగల్లు_బిడ్డ గారి మాట గుర్తొచ్చి కొట్టివేశాను. “పో, పోయి ఆడ నిలబడు”, “సార్, మీరు రాండ్రి, కూసోండ్రి” అన్న రెండు మాటలనూ ఒకదాని కింద ఒకటి ఉంచాను. నా భార్య చదివి, ఇప్పుడు తనకు అభ్యంతరం లేదంది.

సంతకం చేసే ముందు నాన్నగారు ఈ చర్చ మొత్తం చదివి వినిపించమన్నారు. పోలయ్య_కొడుకు గారు రాసినది రెండుసార్లు చదివించుకున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, తాను బడిలో ఉన్న రోజుల్లో పిల్లల తండ్రులు వచ్చినప్పుడు రైతులను “రండి, కూర్చోండి” అనేవాడినని, కూలిపనివాళ్లను గుమ్మం దగ్గరే నిలబెట్టి “ఏం, నీ కొడుకు బడికి రావడం లేదే?” అని అడిగేవాడినని చెప్పారు. వారిలో ఒక్కరినైనా “మీరు” అన్నట్టు తనకు గుర్తులేదన్నారు. అందరూ అలాగే అనేవారు కదా అని నేను అంటే, “ఆ గుమాస్తా కూడా అదే అంటాడు” అన్నారు. ఫిర్యాదు మీద ఇంకా సంతకం చేయలేదు.

పోలయ్య_కొడుకు
సంతకం చేయమనండి. అది వేరు, ఇది వేరు. ఒక్కటి మాత్రం అడిగి చెప్పండి: వాళ్లను పేరుతో పిలవవలసి వచ్చినప్పుడు పూర్తి పేరుతో పిలిచేవారా, పేరు విరిచి పిలిచేవారా?

కృష్ణాతీరం
అడిగాను. పిల్లల పేర్లు హాజరుపట్టీలో ఉండేవి కనుక అవన్నీ పూర్తిగా గుర్తున్నాయట. తండ్రుల పేర్లు ఒక్కటీ గుర్తులేదన్నారు. ఫిర్యాదు మీద ఈ ఉదయం సంతకం చేశారు.